అర్థానికీ అర్ధానికీ మధ్య ఒక చుక్క: మన భర్తృహరి పుస్తకం పీఠిక



మన ఆదివారం తెలుగు బడి పిల్లల కోసం భర్తృహరి నీతిశతకం నుంచి కొన్ని శ్లోకాలు ఏరి పుస్తకంగా తెస్తున్న సంగతి మీకు తెలుసు. ప్రతి పుటలో నాలుగు భాగాలుంటాయి. పైన సంస్కృత శ్లోకం తెలుగు లిపిలో ఉంటుంది. దాని కింద ఏనుగు లక్ష్మణకవి 18వ శతాబ్దంలో చేసిన తెలుగు పద్యం, ఆ రెండింటికీ ఎదురుగా రోమన్ లిపి, చివర వాడుక తెలుగులో మేము రాసిన తాత్పర్యం ఉంటాయి. తాత్పర్యం రాసినవాళ్ళం ముగ్గురం: ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం, ఒకరు ఊళ్ళో తెలుగూ సంస్కృతమూ చెప్పి రిటైరైన మాస్టారు. రోమన్ అక్షరాలు ఏ పద్ధతిలో రాశాం, ఫుట్‌నోట్లు ఎక్కడ పెట్టాం, ఎక్కడ మానుకున్నాం అన్నది పుస్తకం పీఠికలో చెప్పాలనుకున్నాం. అచ్చుకు వెళ్ళేలోగా మీరూ చదివి తప్పులు పట్టాలని దాన్నే ఇక్కడ కాస్త విడమరిచి రాస్తున్నాం.

ముందు మా తప్పుతోనే మొదలుపెడతాం.

నీతిశతకాన్ని మన తెలుగు పుస్తకాల్లో పది పద్ధతులుగా విభజిస్తారు. మూర్ఖపద్ధతి, విద్వత్పద్ధతి, ఇలా వరసగా వస్తాయి. డబ్బు గురించి చెప్పే భాగం పేరు అర్థపద్ధతి. మా మొదటి ప్రతిలో ఆ శీర్షిక ‘అర్ధపద్ధతి’ అని పడింది. ముగ్గురం చదివాం, ముగ్గురికీ కనబడలేదు. రోమన్ వైపు చదువుతున్న తొమ్మిదేళ్ళ పాప అడిగింది: ‘అర్ధ అంటే సగం కదా అంకుల్, ఇది సగం చాప్టరా?’ వాళ్ళింట్లో శివరాత్రికి అర్ధనారీశ్వరుడి కథ చెప్పారట. రోమన్‌లో ardha అని స్పష్టంగా ఉంది. తెలుగులో థ, ధ అక్షరాలకు తేడా లోపలి చుక్క ఒక్కటే. ఒత్తుగా కింద చేరినప్పుడు అది ఇంకా చిన్నదై, పెద్దవాళ్ళ కంటికి ఆనదు. పైగా ‘అర్ధం కాలేదు’, ‘విద్యార్ధి’ అని తప్పుగా రాసినవి చూసి చూసి మన కళ్ళు అలవాటు పడిపోయాయి. అర్థం అంటే భావం, ధనం, ప్రయోజనం. అర్ధం అంటే సగం.

ఆ రోజు మాకు రెండు విషయాలు తెలిశాయి. రోమన్ లిపి తెలుగు రాని పిల్లల కోసం మాత్రమే కాదు. అక్షరానికి అక్షరం సరిగ్గా రాస్తే అది మన తెలుగు ప్రతిలోని తప్పును కూడా పట్టిస్తుంది. రెండోది, మన ఇళ్ళలో వాడే రోమన్ స్పెల్లింగులతో ఆ పని జరగదు.

ఇంటి స్పెల్లింగు ఎందుకు పనికిరాలేదు

మనం పిల్లలకు పేర్లు పెట్టేటప్పుడు సీత అని రాయడానికి Seetha అంటాం, లత అంటే Latha. ‘త’ పలకాలంటే th రాయాలి, ఉత్త t రాస్తే ‘ట’ అంటారని దక్షిణాది వాళ్ళ అలవాటు. ఉత్తరాది కుటుంబాల్లో అదే పేరు Sita, Lata. ఇక ఇంటి పద్ధతిలో Artha అని రాస్తే అది ‘అర్త’ అవుతుందో, ‘అర్థ’ అవుతుందో చెప్పలేం. Bala అంటే బల, బాల, బాలా, బళ, ఏదైనా కావచ్చు. Sakala అంటే సకల, అంటే అంతా. లేదా శకల, అంటే ముక్క. పూర్తిగా వ్యతిరేకమైన రెండు మాటలకు ఒకే స్పెల్లింగు.

పేర్లకు ఇది సరిపోతుంది. పిలిచేవాళ్ళకు ఆ మనిషి తెలుసు కాబట్టి స్పెల్లింగు ఎలా ఉన్నా నోరు సరిగ్గానే పలుకుతుంది. శ్లోకం విషయంలో అలా కాదు. ఇక్కడ పుట్టిన పిల్ల ఆ మాటను మొదటిసారి ఆ కాగితం మీదే చూస్తుంది. సరిచేయడానికి అమ్మమ్మ పక్కన ఉండకపోవచ్చు.

అందుకని ఒక్కటే నియమం పెట్టుకున్నాం: ఒక అక్షరానికి ఒకే గుర్తు, ఒక గుర్తుకు ఒకే అక్షరం. రోమన్ నుంచి తిరిగి తెలుగులోకి రాస్తే మొదట ఉన్నదే రావాలి. ఈ నియమం మేము కనిపెట్టింది కాదు. 1894లో జెనీవాలో జరిగిన ప్రాచ్యవిద్యా పండితుల సభలో సంస్కృతానికి ఒక పద్ధతి కుదుర్చుకున్నారు. సంస్కృత పుస్తకాల్లో ఇప్పటికీ కనిపించే ఐఏఎస్‌టీ అనే పద్ధతికి అదే మూలం. భారతీయ లిపులన్నిటికీ కలిపి 2001లో ఐఎస్‌ఓ 15919 అనే ప్రమాణం వచ్చింది. మేము ఈ రెండోదాన్ని తీసుకున్నాం. ఎక్కువగా తికమక పెట్టే అక్షరాలు ఇవి:

```
త t    థ th    ద d    ధ dh
ట ṭ    ఠ ṭh    డ ḍ    ఢ ḍh
స s    శ ś     ష ṣ
ఎ e    ఏ ē     ఒ o    ఓ ō
ఋ r̥    ఱ ṟ     ళ ḷ    ణ ṇ
```

చదివే సూత్రం తేలిక. కింద చుక్క ఉంటే నాలుక పైకి మడిచి పలకాలి. అచ్చు మీద గీత ఉంటే దీర్ఘం. హల్లు పక్కన h ఉంటే ఒత్తి పలకాలి. ఉత్త t ఎప్పుడూ ‘త’యే, ‘ట’ కాదు. ఈ ఒక్కటి మాత్రం తల్లిదండ్రులు పిల్లలకు రెండు మూడుసార్లు గుర్తు చేయాల్సి ఉంటుంది. ఇంటి పేర్ల అలవాటుకు ఇది ఎదురు కాబట్టి మొదటి వారం తడబడతారు.

ఐఏఎస్‌టీ ఎందుకు కాదు

సంస్కృతం బాగా తెలిసిన సభ్యులు ఇద్దరు ముగ్గురు ఈ ప్రశ్న అడిగారు. లోకమంతా వాడేది అదే కదా, మనకు వేరేది ఎందుకు అని. ఒక్క సంస్కృతమే అచ్చు వేస్తే మేమూ దాన్నే వాడేవాళ్ళం. మన పుస్తకంలో రెండు భాషలున్నాయి, చిక్కంతా అక్కడే వచ్చింది.

సంస్కృతంలో ఎ, ఒ అనే హ్రస్వాలు లేవు. ఏ, ఓ ఎప్పుడూ దీర్ఘాలే. కాబట్టి ఐఏఎస్‌టీలో వాటి మీద గీత పెట్టరు. దేవ అన్న మాటను deva అని రాస్తారు. e కనిపిస్తే దీర్ఘమే అని చదివేవాళ్ళకు తెలుసు. తెలుగులో అలా కుదరదు. వెల అంటే ధర, వేల అంటే వెయ్యికి బహువచనం. కొన అంటే చివర, కోన అంటే లోయ. ఇక్కడ గీత లేకపోతే అర్థమే మారిపోతుంది, ఛందస్సు కూడా తప్పుతుంది.

ఇప్పుడు ఒకే పుటలో పైన శ్లోకం, కింద పద్యం ఉన్నాయనుకోండి. శ్లోకానికి ఒక పద్ధతి, పద్యానికి ఇంకొకటి పెడితే పైన ఉన్న e దీర్ఘం, కింద ఉన్న e హ్రస్వం అవుతుంది. పిల్లలు పైనా కిందా ఒకే రకంగా చదువుతారు, చదవాలి కూడా. ఐఎస్‌ఓ పద్ధతిలో దేవ రెండుచోట్లా dēva, వెల మాత్రం vela. సంస్కృతం ఒక్కటే చదివేవారికి ఆ గీత అనవసరంగా కనిపించవచ్చు. రెండు భాషలూ పక్కపక్కన ఉన్నచోట అది తప్పదు.

ఋ విషయంలోనూ ఈ రెండు పద్ధతులకూ తేడా ఉంది. ఐఏఎస్‌టీలో దానికి r కింద చుక్క, ఐఎస్‌ఓలో r కింద చిన్న సున్న. కృష్ణ అన్న పేరు మన పుస్తకంలో kr̥ṣṇa అని ఉంటుంది. మన ఇంట్లో దాన్ని ‘క్రుష్ణ’ లాగా, హిందీ ఇళ్ళలో ‘క్రిష్ణ’ లాగా పలుకుతారు. రాతలో i గానీ u గానీ పెట్టకపోవడం వల్ల ఎవరి ఇంటి ఉచ్చారణ వాళ్ళకు ఉంటుంది, రాత ఒక్కటే ఉంటుంది. ఒక చిన్న ఇబ్బంది మాత్రం ఎదురైంది. కంప్యూటర్‌లో ఈ గుర్తు ఒకే అక్షరం కాదు. r తరువాత U+0325 అనే సున్నను విడిగా చేర్చాలి. మేము మొదట ఎంచుకున్న ఫాంటులో ఆ సున్న జరిగి పక్క అక్షరం కిందకు పోయింది. ఫాంటు మార్చాం. అయినా మీ దగ్గరకు వచ్చిన నమూనా పుటల్లో సున్న ఎక్కడైనా పక్కకు జరిగినట్టు కనిపిస్తే అది అచ్చు తప్పే, ఆ పుట సంఖ్య మాకు చెప్పండి.

మన పిల్లలు రేపు కాలేజీలో సంస్కృతం తీసుకుంటే ఐఏఎస్‌టీ పుస్తకాలే చేతికి వస్తాయి. అప్పుడు e, o మీద గీతలు మాయమవుతాయి, r కింద సున్న చుక్కగా మారుతుంది, సున్నకు రాసే m మీది చుక్క కిందకు దిగుతుంది. ఆ మాట పీఠిక చివర ఒక్క పేరాలో చెప్పాం.

సున్న, విసర్గ, అరసున్న

తెలుగులో సున్న చాలా పనులు చేస్తుంది. గంగ, పంచ, కంఠం, అంతం, అంబ, ఈ అయిదు మాటల్లోనూ ఒకే సున్న రాస్తాం, నోరు మాత్రం అయిదు రకాలుగా పలుకుతుంది. తరువాత వచ్చే హల్లు ఏ వర్గానిదో ఆ వర్గపు అనునాసికం దానంతటదే వస్తుంది. తెలుగు చదివేవారికి చెప్పక్కర్లేదు. రోమన్ మాత్రమే చదివే పిల్లలకు అన్నిచోట్లా ṁ అని పెడితే ‘గమ్‌గా’ అంటారు. అందుకని వర్గాక్షరాల ముందు పలికినట్టే రాశాం: gaṅgā, pañca, kaṇṭha, anta, ambā. య, ర, ల, వ, శ, ష, స, హ ముందు మాత్రం ṁ ఉంచాం: saṁsāra, siṁha. తెలుగులో వర్గాక్షరాల ముందు ఈ ధ్వనికి సున్ననే రాస్తాం కాబట్టి వెనక్కి మార్చేటప్పుడు అనుమానం రాదు.

విసర్గ విషయంలో పెద్దవాళ్ళ నుంచి అభ్యంతరం వచ్చింది. చదివేటప్పుడు రామః అన్నది ‘రామహ’ అనీ, హరిః అన్నది ‘హరిహి’ అనీ, గురుః అన్నది ‘గురుహు’ అనీ వినిపిస్తుంది. అలాగే ramaha అని రాస్తే పిల్లలకు సులువు కదా అన్నారు. మేము ఒప్పుకోలేదు. అలా రాస్తే పిల్లల దృష్టిలో ఆ ‘హ’ ఒక పూర్తి అక్షరమైపోతుంది, గణాలు లెక్కపెట్టేటప్పుడు ఒకటి ఎక్కువ వస్తుంది. అన్నిచోట్లా ḥ అనే రాసి, పాదం చివర దాన్ని ఎలా పలకాలో పుస్తకం మొదట్లో ఒకసారి చెప్పాం. బ్రహ్మ, జ్ఞానం లాంటి మాటలకూ ఇదే నియమం. మనం ‘బ్రమ్హ’ అనీ ‘గ్నానం’ అనీ పలికినా రాతలో brahma, jñāna అనే ఉంటాయి.

ఇక అరసున్న. లక్ష్మణకవి పద్యాల్లో అది అడుగడుగునా వస్తుంది. తెలుగు వైపు దాన్ని, బండి ఱను ఉన్నవి ఉన్నట్టే ఉంచాం. ఏఁడు అంటే సంవత్సరం, ఏడు అంటే సంఖ్య. అరుగు అంటే వెళ్ళడం, అఱుగు అంటే జీర్ణం కావడం. వాటిని తీసేస్తే కవి రాసింది కాక మనం దిద్దింది అచ్చువేసినట్టవుతుంది. రోమన్ వైపు ఱకు ṟ ఉంది. అరసున్నను మాత్రం వదిలేశాం, ఎందుకంటే ఇవాళ దాన్ని ఎవరూ పలకరు. దీనివల్ల మా నియమం ఒక్కచోట తప్పింది. రోమన్ నుంచి తెలుగులోకి తిరిగి రాస్తే అరసున్నలు రావు. పద్యం విషయంలో ఏ అనుమానం వచ్చినా తెలుగు వైపు చూడాలని పీఠికలో రాశాం.

ఈ నియమాలన్నీ పాటించామో లేదో చూడడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాం. తెలుగు పాఠాన్ని రోమన్‌లోకి, ఆ రోమన్‌ను మళ్ళీ తెలుగులోకి మార్చి, మొదటిదానితో పోల్చి తేడాలు చూపిస్తుంది. చేత్తో దిద్దినప్పుడు పడిన తప్పులు చాలావరకు ఇలా దొరికాయి. కానీ ‘అర్ధపద్ధతి’ని అది పట్టలేదు, పట్టలేదు కూడా. తెలుగులోనే తప్పుంటే రోమన్‌లోకి ఆ తప్పే నిక్కచ్చిగా వెళుతుంది, తిరిగి ఆ తప్పే నిక్కచ్చిగా వస్తుంది. రెండూ సరిపోయాయి అంటుంది. భావం తెలిసి పైకి చదివే మనిషి ఒకరు ఉండాల్సిందే.

ఫుట్‌నోట్ ఎక్కడ పెట్టాలి

మొదట్లో మాకు ఫుట్‌నోట్ల మీద మోజు ఎక్కువ. ఒక శ్లోకానికి పదకొండు రాశాం. మాస్టారు ఆ కాగితం చూసి, ‘నాయనా, పిల్లవాడికి అన్నం ఏదో, ఆకు ఏదో తెలియాలి కదా’ అన్నారు. ఆ తరువాత కూర్చుని తేల్చుకున్నది ఇది. కథలకు, వ్యాకరణానికి, నీతి బోధకు, మా అభిప్రాయాలకు ఫుట్‌నోట్ లేదు. మూడు సందర్భాల్లో మాత్రం పెడతాం. సంస్కృతంలోని మాట తెలుగులోనూ ఉండి అర్థం మారిపోయినప్పుడు మొదటిది. శ్లోకానికీ లక్ష్మణకవి పద్యానికీ భావంలో తేడా ఉన్నప్పుడు రెండోది. భావాన్ని మార్చేంత పాఠాంతరం ఉన్నప్పుడు మూడోది.

మొదటి రకమే మనకు అన్నిటికంటే ముఖ్యమని పని చేస్తూ ఉండగా తెలిసింది. తెలియని మాట ప్రమాదం కాదు, తెలియదని తెలుస్తుంది, నిఘంటువు చూస్తాం. తెలిసినట్టు కనిపించే మాటే మోసం చేస్తుంది. తెలుగులో ఆలస్యం అంటే జాగు కావడం, సంస్కృతంలో సోమరితనం. మనకు సాహసం అంటే మెచ్చుకోదగ్గ ధైర్యం, సంస్కృతంలో తరచు దుడుకుతనం. అనువాదంలో ఆ మాటను అలాగే దించేస్తే తప్పు చేసినట్టు కూడా అనిపించదు.

మూర్ఖపద్ధతి మొదట్లో వచ్చే ప్రసిద్ధమైన శ్లోకం ఒకటి చూద్దాం. దాని భావం మీకు తెలిసినదే. ఏమీ తెలియనివాడిని ఒప్పించడం తేలిక. బాగా తెలిసినవాడిని ఒప్పించడం ఇంకా తేలిక. కాస్త తెలిసి అంతా తెలుసుననుకునేవాడిని మాత్రం బ్రహ్మ కూడా ఒప్పించలేడు.

ఈ చిన్న శ్లోకంలో తెలుగువాళ్ళను తప్పుదారి పట్టించే మాటలు నాలుగున్నాయి. మొదటిది ‘ఆరాధ్య’. మనకు ఆరాధ్యుడు అంటే పూజించదగినవాడు. ఆ అర్థంతో చదివితే మూర్ఖుడిని పూజించాలని వస్తుంది. ఒక కుర్రవాడు సరిగ్గా అలాగే చదివి నవ్వాడు. ఇక్కడ దాని అర్థం సంతోషపెట్టదగినవాడు, మెప్పించదగినవాడు అని. రెండోది ‘సుఖం’. ఇక్కడ అది హాయి కాదు, ‘సులువుగా’ అని. మూడోది ‘లవ’. రోమన్‌లో lava చూడగానే ఇక్కడి పిల్లలకు అగ్నిపర్వతం గుర్తొస్తుంది, రామాయణం విన్నవాళ్ళకు కుశుడి తమ్ముడు గుర్తొస్తాడు. లవం అంటే తునక, రవ్వంత. జ్ఞానలవం అంటే రవ్వంత జ్ఞానం. నాలుగోది ‘దుర్విదగ్ధ’. దగ్ధం అనగానే మనకు తగలబడిపోవడమే తెలుసు. విదగ్ధుడు అంటే నేర్పరి. కాలడం అనే ధాతువు నుంచే ఆ మాట వచ్చింది, బాగా కాగి పక్వమైనవాడని అనుకోవచ్చు. దుర్విదగ్ధుడు అంటే సరిగ్గా పక్వం కాకుండానే పండితుడిననుకునేవాడు.

నాలుగింటికీ నాలుగు ఫుట్‌నోట్లు పెట్టలేదు. సుఖం, లవ అన్న మాటలకు ‘సులువుగా’, ‘రవ్వంత’ అని తాత్పర్యంలోనే సూటిగా రాశాం. తాత్పర్యం చెప్పగలిగినదాన్ని ఫుట్‌నోట్ మళ్ళీ చెప్పకూడదు. దుర్విదగ్ధకు ఒకటి పెట్టాం, ఎందుకంటే ఆ మాట వెనకున్న కాలడం, పండడం అనే పోలిక తాత్పర్యంలోకి రాలేదు. ఆరాధ్యకు ఇంకొకటి పెట్టాం. దానికి రెండో కారణం కూడా ఉంది. భర్తృహరి మాట మెప్పించడం గురించి. లక్ష్మణకవి తన కందపద్యంలో తెలియజెప్పడం గురించి చెప్పారు. మెప్పించడం వేరు, తెలియజెప్పడం వేరు. మూర్ఖుడిని మెప్పించడం తేలికే, వాడికి తెలియజెప్పడం అంత తేలికేనా అని పెద్ద పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఇద్దరు కవులూ ఇక్కడ కాస్త వేరు వేరు మాటలు అన్నారని ఫుట్‌నోట్ ఒక్క వాక్యంలో చెబుతుంది. ఎవరిది మెరుగో చెప్పదు.

బ్రహ్మ అన్న మాటకు కూడా ఒకటి రాసి, తరువాత కొట్టేశాం. అది చతుర్ముఖ బ్రహ్మా, వేదాంతంలోని బ్రహ్మమా అని అనుమానం రావచ్చనుకున్నాం. లక్ష్మణకవి పద్యంలోనే బ్రహ్మదేవుడని స్పష్టంగా ఉంది. అప్పటినుంచి ఒక అలవాటు చేసుకున్నాం. ఫుట్‌నోట్ రాసే ముందు కింద ఉన్న పద్యం చదవాలి. చాలాసార్లు కవే మన పని చేసిపెట్టి ఉంటాడు.

దిద్దకుండా ఉంచిన మాట

అర్థపద్ధతిలో ఒక శ్లోకం దగ్గర మాలో మాకే వాదన వచ్చింది. డబ్బున్నవాడే కులీనుడు, వాడే పండితుడు, వాడే అందగాడు అని లోకం అంటుందని కవి వరసగా ఎత్తిపొడుస్తాడు. ‘కులీనుడు’ అన్న మాట పిల్లలకు ఎలా చెప్పాలి? బడిలో ఒక పాప అప్పటికే అడిగింది, ‘గుడి పుస్తకంలో కులం గురించి ఎందుకుంది?’ అని. మాలో ఒకరు ‘గొప్పవాడు’ అని రాసి ఊరుకుందాం అన్నారు.

చివరకు అలా చేయలేదు. సంస్కృతంలో కులం అంటే ముందు వంశం, కుటుంబం. కులీనుడు అంటే మంచి వంశంలో పుట్టినవాడు. ఇవాళ తెలుగులో కులం అన్న మాటకు ఉన్న అర్థం అదే కాదు. తాత్పర్యంలో ‘మంచి వంశంలో పుట్టినవాడు’ అని రాసి, మాట అర్థం మారిందని ఫుట్‌నోట్ పెట్టాం. అంతకు మించి సంజాయిషీ ఇవ్వలేదు. పుట్టుకను బట్టి మనిషిని గొప్పవాడనుకునే లోకం ఆ శ్లోకంలో ఉంది, దాన్ని చెరిపేసే హక్కు అనువాదకులకు లేదు. ఆ గొప్పతనం కూడా డబ్బుకు అమ్ముడుపోతోందన్న వెక్కిరింపు కూడా అక్కడే ఉంది. ‘గొప్పవాడు’ అని మెత్తగా రాస్తే ఆ వెక్కిరింపు పోతుంది. పాప అడిగిన ప్రశ్నకు జవాబు తల్లిదండ్రులూ బడీ చెప్పాలి. ఆ ప్రశ్న పుట్టకుండా చేయడం పుస్తకం పని కాదు.

పాఠాంతరాలు, సంఖ్యలు

భర్తృహరి శ్లోకాలు ఏ రెండు పుస్తకాల్లోనూ ఒకే వరసలో ఉండవు. గణిత శాస్త్రజ్ఞుడు డి.డి. కోశాంబి వందలకొద్దీ రాతప్రతులు పోల్చి 1948లో పరిష్కరించిన ప్రతిని అచ్చువేశారు. మూడు శతకాలూ కలిపి సుమారు 200 శ్లోకాలే దాదాపు అన్ని సంప్రదాయాల్లోనూ కనిపిస్తున్నాయని ఆయన తేల్చారు. అంటే మీ తాతగారి పుస్తకంలో ఉన్న శ్లోకం మన పుస్తకంలో వేరే మాటతో ఉండవచ్చు, అసలు ఉండకనూ పోవచ్చు.

మేము చేసింది ఇది. లక్ష్మణకవి పద్యం ఏ పాఠానికి సరిపోతుందో ఆ పాఠాన్నే పైన అచ్చువేశాం. పైన ఒకటి, కింద ఇంకొకదానికి అనువాదం ఉంటే పిల్లలకు దారి తెలియదు. భావం మారని పాఠాంతరాలను వదిలేశాం. భావం మారినచోట ఫుట్‌నోట్‌లో రెండో పాఠం, దాని అర్థం ఇచ్చాం. ఏది కవి మాటో మేము తేల్చలేనిచోట ‘తేల్చలేకపోయాం’ అనే రాశాం. మీ ఇంట్లో పెద్దలు చదివే పాఠం మాది కాకపోతే అది తప్పని అనుకోవద్దు. పిల్లలకు ఆ పాఠమే నేర్పండి, రెండోది ఉందని మాత్రం చెప్పండి.

ఒక మాట కనిపించదు గానీ మేము గట్టిగా పట్టుకున్నాం: ఫుట్‌నోట్ సంఖ్య శ్లోకం మీదా, పద్యం మీదా పడదు, తాత్పర్యం మీదే పడుతుంది. పైకి చదివేటప్పుడు కంటికి అంకెలు అడ్డు రాకూడదు. ఒక శ్లోకానికి రెండుకు మించి ఫుట్‌నోట్లు లేవు. మూడోది అవసరమైతే తాత్పర్యమే సరిగ్గా రాయలేదని అనుకుని మళ్ళీ రాశాం.

నమూనా పుటలు గుడి ఆఫీసులో ప్రసాదం కౌంటరు పక్కన ఉంటాయి. చూసేవాళ్ళు ఇలా చేస్తే మాకు ఎక్కువ ఉపయోగం. ఇద్దరు కూర్చోండి. తెలుగు వచ్చినవారు తెలుగు వైపు కళ్ళు పెట్టాలి, పిల్లలు రోమన్ వైపు పైకి చదవాలి. వినబడినదీ కనబడినదీ వేరైతే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి, మార్జిన్‌లో మీ ఇంటి ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలు రాయండి, అనుమానం ఉంటే మేమే పిలుస్తాం. థ, ధ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. శీర్షిక దిద్దాం గానీ, లోపల ఇంకెక్కడైనా సగం అర్థం మిగిలిపోయిందేమో మాకు ఇంకా నమ్మకం లేదు.